హజార రామ గుడి గోడ మీది రామాయణం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు నడవాలి?

మల్లేపల్లి_రాజు
హంపి హజార రామ గుడి ఫొటోలు వందకు పైగా దగ్గర పెట్టుకుని కూర్చున్నా, కథ కుదరట్లేదు. గోడకి ఎదురుగా నిలబడి ఎడమ నుంచి కుడికి వరసగా తీసినవే అన్నీ. ఆ వరసలో చూస్తే ముందు జటాయువు రెక్కలు తెగి పడతాడు, తర్వాత రావణుడు సన్యాసి వేషంలో భిక్షకి వస్తాడు, ఆ తర్వాత బంగారు లేడి కనిపిస్తుంది. కింద వరుసకీ పై వరుసకీ పొంతనే లేదు. శిల్పులు ఎవరికి తోచింది వాళ్లు చెక్కారా? లేక మరమ్మతుల్లో రాళ్లు అటూ ఇటూ అయ్యాయా? వచ్చే నెల ఇంట్లో అందరం హైదరాబాద్ నుంచి కార్లో వెళ్తున్నాం. ఈసారైనా సరిగ్గా చూడాలని ఉంది.

కాచిగూడ_కిట్టు
రాళ్లేం మారలే అన్నా. నువ్వే ఉల్టా నడిచినవ్.

శిల్పరేఖ
కిట్టు చెప్పింది నిజం. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

గుళ్లో ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుడు మన కుడిభుజం వైపు ఉంటాడు. అలా నడుస్తూ నడుస్తూ ఆగి, గోడకేసి తిరగండి. ఇప్పటిదాకా మీ ముందున్న దారి మీ ఎడమచేతి వైపు వస్తుంది, వెనక వదిలేసింది కుడిచేతి వైపు ఉంటుంది. అంటే గర్భగుడి, మండపాల బయటి గోడల మీద ప్రదక్షిణ క్రమంలో చెక్కిన కథ, ఎదురుగా నిలబడితే కుడి నుంచి ఎడమకి సాగుతుంది. మనకి ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు కాబట్టి కథ వెనక్కి నడిచినట్టు ఉంటుంది. మీ ఫొటోల్లో జటాయువు, సన్యాసి, లేడి అని వచ్చిందంటే శిల్పి తప్పేమీ లేదు. లేడి కుడివైపు, జటాయువు ఎడమవైపు. ఉండాల్సినట్టే ఉన్నాయి.

ఇక పై వరుస సంగతి. మండపం గోడ మీద రామాయణం మూడు వరుసల్లో ఉంది, మొత్తం 108 ఘట్టాలు. కింది వరుస ఒక చుట్టు, మధ్య వరుస రెండో చుట్టు, పై వరుస మూడో చుట్టు. మీరు ఒకచోట నిలబడి కింది నుంచి పైకి చూస్తే పక్కపక్క ఘట్టాలు కాదు, ఒక్కో చుట్టు దూరంలో ఉన్న ఘట్టాలు కనిపిస్తాయి. పొంతన లేదనిపించడం సహజం.

లెన్సుబాబు
అయితే చాలా తేలిక. ఫొటోలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పేస్తే కథ ఎడమ నుంచి కుడికి వచ్చేస్తుంది. ఎడిటింగ్‌లో ఒక్క నొక్కు.

శిల్పరేఖ
ఆ పని మాత్రం చెయ్యకండి. తిప్పితే జంధ్యం కుడిభుజం మీంచి వేలాడుతుంది, విష్ణువు శంఖచక్రాలు చేతులు మారిపోతాయి, రాముడు ఎడమచేత్తో బాణం లాగుతాడు. నెట్‌లో తిరిగే ఫొటోల్లో ఇలా తిప్పినవి కొన్ని ఉంటాయి. అనుమానం వస్తే ముందు జంధ్యం చూడండి, ఎడమభుజం మీద ఉండాలి. మీకు మార్చాల్సింది బొమ్మని కాదు, వరసని. చివరి ఫొటోకి ఒకటో నంబరు వేసి వెనక్కి రండి, సరిపోతుంది.

కాచిగూడ_కిట్టు
ఎడమచేతి వాటం రాముడు 😀 ఆయన ఆడితే ఏ టీమ్‌కైనా పనికొస్తడు.

పాతబస్తీ_పంతులు
శిల్పరేఖగారు చెప్పిందే సూత్రం. ఏ గుడికి వెళ్లినా గోడ మీది కథ కుడి నుంచి ఎడమకే. ఆగమం ప్రకారం ప్రదక్షిణం ఒక్క దిక్కే కాబట్టి శిల్పికి వేరే దారి లేదు.

తూర్పుద్వారం
పంతులుగారూ, "ఏ గుడికి వెళ్లినా" అన్నదాని దగ్గరే చిక్కు. రెండు సంగతులు.

మొదటిది, ప్రాకారం లోపలి ముఖం. ప్రదక్షిణం అదే దిక్కు, కానీ ఆ గోడ మీ ఎడమభుజం వైపు ఉంటుంది. దానికేసి తిరిగితే ముందున్న దారి కుడిచేతి వైపు వస్తుంది. అక్కడ ప్రదక్షిణ క్రమం ఎడమ నుంచి కుడికి, మన పుస్తకం చదివినట్టే. ఒకే గుడి, ఒకే నడక, రెండు గోడలు రెండు దిక్కులు. కాబట్టి "కుడి నుంచి ఎడమ" అని గుర్తుపెట్టుకోకండి. "నేను నడిచే వైపుకి" అని గుర్తుపెట్టుకోండి.

రెండోది, కర్ణాటకలోనే అమృతపురం అమృతేశ్వరాలయం. హొయసల వీర బల్లాళుడి కాలం, 1196. అక్కడ దక్షిణం గోడ మీద 70 ఘట్టాల రామాయణం ఉంది, అది అప్రదక్షిణంగా సాగుతుంది. ఉత్తరం గోడ మీద ఇంకో 70. అందులో 25 కృష్ణుడి కథ, 45 భారతం. అవి మామూలు ప్రదక్షిణ దిక్కులోనే ఉన్నాయి. సూత్రం పట్టుకుని దక్షిణం గోడ చదివితే పట్టాభిషేకంతో మొదలై పుత్రకామేష్టి దగ్గర తేలతారు.

పాతబస్తీ_పంతులు
శివాలయం కదా అది. శివాలయంలో సోమసూత్రం దాటకూడదు, అభిషేక జలం వచ్చే తూము దాకా వెళ్లి వెనక్కి తిరిగి, రెండోవైపు నుంచి మళ్లీ తూము దాకా రావాలి. అంటే సగం నడక అప్రదక్షిణమే. దానికి తగ్గట్టు చెక్కి ఉంటారు.

తూర్పుద్వారం
ఆలోచన బాగుంది, కానీ లెక్క కుదరదు. తూము ఉండేది ఉత్తరం వైపు. సోమసూత్ర ప్రదక్షిణంలో దక్షిణం గోడ వెంట వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి నడుస్తాం. రెండు దిక్కులూ సమానంగా వస్తాయి, అప్రదక్షిణాన్నే ఎంచుకోవడానికి అదొక్కటే కారణం కాలేదు. పైగా ఆ నియమం ఉన్న శివాలయాలన్నిట్లో కథ ఇలా తిరగబడలేదు.

దిక్కుల్ని బట్టి చూడండి. దక్షిణం గోడ మీద అప్రదక్షిణం అంటే పడమర నుంచి తూర్పుకి. ఉత్తరం గోడ మీద ప్రదక్షిణం అన్నా పడమర నుంచి తూర్పుకే. రెండు కథలూ ఒకే దిక్కుకి నడుస్తున్నాయి, రెండువైపులా సరిగ్గా డెబ్భయ్యేసి. చుట్టూ తిరిగేవాడి కోసం కంటే, గుడి రెండు పక్కలూ సరితూగాలని చేసిన అమరిక అని నా అభిప్రాయం.

పాతబస్తీ_పంతులు
అభిప్రాయం అన్నారు కాబట్టి వదిలేస్తున్నా. ఒప్పుకోలేదు.

నల్లకుంట_నాగమణి
మాది వేరే గోల. శ్రీశైలం ప్రాకారం బయటి గోడ మీద ఏనుగులు, వేటలు, శివుడి రూపాలు, ఋషులు ఉంటారు కదా, అది ఏ కథ? రామాయణమా, భారతమా? ప్రదక్షిణంగానే నడిచినా ఏమీ అతకడం లేదు.

శిల్పరేఖ
నాగమణిగారూ, అక్కడ అతకాల్సిన పని లేదు. శ్రీశైలం ప్రాకారం మీద చాలావరకు ఒక రాయి ఒక విషయం. కిరాతార్జునీయం లాంటి ఘట్టాలు మధ్యమధ్య వస్తాయి కానీ, మొదటి నుంచి చివరిదాకా ఒకే కథ నడవదు. ఒక్కో రాయి దగ్గర ఆగి చూసుకుంటూ పోవడమే.

రాజుగారికి కూడా ఇది పనికొస్తుంది. హజార రామ గుడిలో రెండు రకాల వరుసలున్నాయి, వాటిని కలపకూడదు. ప్రాకారం బయటి ముఖం మీద ఐదు వరుసలు. అన్నిటికంటే కింద ఏనుగులు, పైన గుర్రాలు, ఆపైన సైనికులు, తర్వాత నాట్యకత్తెలు, వాద్యకారులు, అన్నిటికంటే పైన సంబరాల్లో ఉన్న జనం. అది మహర్నవమి, వసంతోత్సవాల ఊరేగింపు. అక్కడ కింది వరుస ముందు, పై వరుస తర్వాత అనేది లేదు. ఐదూ ఒకే సమయంలో జరుగుతున్నాయి. వీధిలో నిలబడి ఊరేగింపు చూసినట్టు ఐదు వరుసలూ కలిపి ఒక్క నడకలో చూడాలి. లోపల మండపం గోడ మీది మూడు వరుసలు అలా కాదు, ఒకదాని తర్వాత ఒకటి. బయట ఐదు చుట్లు తిరిగి, లోపల ఒక్క చుట్టుతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. చెయ్యాల్సింది దానికి తలకిందులు.

మల్లేపల్లి_రాజు
ఇప్పుడు అర్థమైంది. నేను లోపల ఒకే చుట్టులో మూడు వరుసలూ తీసేశాను. అయితే మొదలు ఎక్కడ? తూర్పు గుమ్మం దగ్గరా?

అలంపురం_అల్లుడు
అవును, తూర్పు గుమ్మం. గుడి తూర్పు ముఖం కదా, ఎదురుగా వచ్చి ఎడమకి తిరిగి దక్షిణం వైపు నడవాలి.

తూర్పుద్వారం
నడక మొదలయ్యేది అక్కడే. కథ మొదలయ్యేది కూడా అక్కడేనా అంటే నేను ఒప్పుకోను. ఈ పట్టీ గుడి చుట్టూ పూర్తిగా తిరిగే వలయం కాదు. ఘట్టాలు ఉన్నది మండపం గోడల మీదే, వెనకున్న గర్భగుడి విమానం దగ్గర కథ తెగుతుంది. తూర్పున మొదలుపెడితే సగం కథ అయ్యాక విమానం చుట్టూ ఊరికే నడిచి, ఉత్తరం గోడ దగ్గర మళ్లీ అందుకోవాలి. అదే ఉత్తరం గోడ పడమటి చివర నుంచి మొదలుపెడితే ఉత్తరం, తూర్పు, దక్షిణం అంటూ తెగకుండా వస్తుంది. నాకైతే అదే సబబుగా అనిపిస్తుంది.

అలంపురం_అల్లుడు
భక్తుడు ఉత్తరం గోడ చివరికి వెళ్లి దండం పెట్టుకుని మొదలుపెడతాడా ఎక్కడైనా? గుమ్మంలో మొదలుపెడతాడు.

శిల్పరేఖ
మీ ఇద్దరి వాదన తేలేదాకా రాజుగారు ఆగక్కర్లేదు. దిక్కు నమ్ముకోకుండా గోడనే అడగొచ్చు. పద్ధతి చెప్తాను.

లోపలికి వెళ్లగానే కింది వరుస తప్ప మిగతా రెండూ లేనట్టే అనుకోండి. కుడిభుజం గోడ వైపు ఉంచి, ఏ బొమ్మ దగ్గరా ఆగకుండా ఒక చుట్టు తిరగండి. మీరు వెతుకుతున్నది ఒక్కటే: మంటల్లోంచి లేస్తున్న మనిషి, చేతిలో పాయసపాత్ర, ఎదురుగా రాజు. అది పుత్రకామేష్టి. దాని దగ్గర్లోనే కొమ్మున్న ముని కనిపిస్తే ఋష్యశృంగుడు. మీ మొదటి గుర్తు అక్కడ పడింది. దానికంటే ముందు ఏమైనా ఉన్నాయా అని కుడివైపు రెండు మూడు ఘట్టాలు వెనక్కి చూసుకోండి, మొదలు దొరుకుతుంది.

తర్వాత దిక్కు సరిచూసుకోవాలి. ఒక్క ఘట్టంతో దిక్కు తెలియదు, రెండింటితో కూడా పొరపడొచ్చు. తప్పకుండా గుర్తుపట్టగలిగినవి మూడు కావాలి, వాటి వరస మనకి తెలిసి ఉండాలి. రాజుగారి మూడూ దీనికి చక్కగా సరిపోతాయి. వెనక్కి తిరిగి చూస్తున్న లేడి, దానికి గురిపెట్టిన రాముడు. తర్వాత దండం, కమండలం పట్టుకున్న సన్యాసి, ఎదురుగా సీత. తర్వాత రథం మీద రావణుడు, అడ్డం వచ్చిన పక్షి. ఈ మూడూ మీరు నడిచే వైపుకే వరసగా వస్తే ఆ గోడ ప్రదక్షిణ క్రమం. ఎదురొస్తే అమృతపురంలాంటి గోడ. కొత్త గుడికి వెళ్లినా ఇదే పరీక్ష.

లెన్సుబాబు
మరి మనుషులు ఎటు చూస్తున్నారో అటు కథ నడుస్తుంది అంటారు కదా? రాముడు ఎడమకి బాణం వేస్తుంటే కథ ఎడమకి అని.

శిల్పరేఖ
అది సగమే నిజం. వనవాసానికి వెళ్లడం, సేన కదలడం లాంటి ప్రయాణాల్లో మనుషులు సాధారణంగా కథ నడిచే వైపే కదులుతారు. కానీ ఎవరైనా ఎదురొచ్చే ఘట్టాల్లో సగంమంది అటు, సగంమంది ఇటు చూస్తారు. యుద్ధంలో ఇంకా కష్టం, రాముడు ఒకచోట ఎడమకి, ఇంకోచోట కుడికి వేస్తాడు. సభ ఉంటే పెద్దవాడు మధ్యలోనో ఒక చివర ఆసనం మీదో ఉంటాడు, మిగతావాళ్లందరూ అతనివైపు చూస్తారు. చట్రం లోపలి అమరిక వేరు, చట్రాల వరస వేరు.

ఇంకో తికమక ఉంది. ఒకే చట్రంలో ఒకే మనిషి రెండుసార్లు రావచ్చు. ఇద్దరు రాముళ్లు కనిపిస్తే ఒకడు లక్ష్మణుడని తేల్చేయకండి. ఇద్దరి పక్కనా లక్ష్మణుడు విడిగా ఉన్నాడా చూడండి. ఉంటే అవి వెంటవెంట జరిగిన రెండు పనులు.

నల్లకుంట_నాగమణి
రాముణ్ణీ లక్ష్మణుణ్ణీ విడదీయడం ఎలా? ఇద్దరికీ విల్లు, ఇద్దరికీ జటలే.

తూర్పుద్వారం
ఒంటరి బొమ్మలో చాలాసార్లు విడదీయలేం. పక్కపక్కన ఉంటే పెద్దగా, ముందు ఉన్నవాడు రాముడు. చేసే పని కూడా చెప్పేస్తుంది. శూర్పణఖ ముక్కు కోసేవాడు లక్ష్మణుడు, ఏడు సాలవృక్షాలకి గురిపెట్టినవాడు రాముడు. తల మీది కట్టు కూడా చూడండి. అయోధ్యలో కిరీటాలు, అడవిలో జటలు. కిరీటం ఉన్నచోటు నుంచి జట ఉన్నచోటికి మారితే అయోధ్యకాండ దాటుతున్నట్టు.

వాలి సుగ్రీవుల్ని మాత్రం విడదీయలేకపోతే బాధపడకండి. రాముడికే కుదరక మెళ్లో మాల వేయించాల్సి వచ్చింది. మాల కనిపిస్తే అది రెండో పోరు.

కాచిగూడ_కిట్టు
రావణునికి పది తలలు లెక్కపెట్టబోయిన, తొమ్మిదే కనబడ్డయ్.

తూర్పుద్వారం
పదోది రాతి వెనక ఉందనుకో కిట్టూ. తలలు లెక్కపెట్టకుండా చేతుల గుంపు, వరుసగా ఉన్న కిరీటాలు చూస్తే చాలు. సన్యాసి వేషంలో ఒక్కటే తల ఉంటుంది, అందుకే ఆ ఘట్టం చాలామంది దాటిపోతారు.

లెన్సుబాబు
వెలుగు సంగతి నేను చెప్తా, ఇదొక్కటి నా సబ్జెక్టు. చెక్కడం లోతు తక్కువ. ఎండ ఎదురుగా పడితే బొమ్మ చదునైపోతుంది, పక్క నుంచి జారుతూ పడితే గీత గీత లేచి కనిపిస్తుంది. చలికాలంలో దక్షిణం గోడ మీద పొద్దున, సాయంత్రం ఎండ అలా పక్కవాటుగా వస్తుంది. తూర్పు గోడకి పొద్దున్నే ఎండ ఎదురుగా కొడుతుంది. కొంచెం ఆగి, సూర్యుడు పైకెక్కాక తియ్యండి. ఉత్తరం గోడ చలికాలమంతా నీడలోనే ఉంటుంది. ఆ గోడకి సూర్యుడు తగిలేది ముఖ్యంగా మే నుంచి ఆగస్టు సగం దాకా. నీడలో ఫోన్ టార్చి గోడకి ఒక పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని చూడండి. జంధ్యం, తోక, మాల లాంటివి అప్పుడే తేలతాయి. నీళ్లు చల్లడం, సుద్దముక్క రుద్దడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. సుద్ద చెక్కడంలో ఇరుక్కుంటే మళ్లీ వదలదు.

పనోరమా కూడా వద్దు. గోడంతా ఒక్క పొడుగు బొమ్మగా వస్తుంది, చూసేటప్పుడు కన్ను మళ్లీ ఎడమ నుంచే మొదలుపెడుతుంది. ఒక్కో చట్రం విడిగా తియ్యండి, పైన కొంచెం తర్వాతి వరుస అంచు పడేలా. ఎక్కడున్నామో తర్వాత తెలుస్తుంది.

శిల్పరేఖ
పేర్లు పెట్టేటప్పుడు చుట్టు నంబరు ముందు, ఘట్టం నంబరు తర్వాత పెట్టండి. 1-01 నుంచి మొదలవుతుంది. చుట్టు మారేచోట గోడనే ఒక ఫొటో తీసి పెట్టుకుంటే రెండో చుట్టు కూడా అదే స్థానం నుంచి అందుకోవచ్చు. గుర్తుపట్టలేనిదానికీ నంబరు వెయ్యండి, వదిలేస్తే వెనకవన్నీ జరిగిపోతాయి. ముందూ వెనకా తెలిస్తే మధ్యలోది చాలాసార్లు తనే తేలుతుంది. సాలవృక్షాలకీ మాల ఉన్న పోరుకీ మధ్య ఇద్దరు వానరులు కలబడితే, రాముడు ఊరికే నిలబడి ఉంటే, అది మాల లేని మొదటి పోరు. విడిగా ఇస్తే ఎవరూ చెప్పలేరు.

అలంపురం_అల్లుడు
ఒక్క గుడి కోసం మూడు చుట్లు తిరిగి నంబర్లు వేసే బదులు సోమనాథపురం వెళ్లండి. 1258 నాటి హొయసల గుడి. దక్షిణం వైపు రామాయణం, వెనక కృష్ణుడి కథ, ఉత్తరం వైపు భారతం. ఒక్క ప్రదక్షిణంలో మూడు కథలు. గుడి చుట్టూ ఎత్తైన అరుగు, జగతి అంటారు, దాని మీదే నడక, తల ఎత్తే పని లేదు.

తూర్పుద్వారం
తల ఎత్తక్కర్లేదు, వంచాలి. కథ ఉన్న పట్టీ గోడ అడుగున, ఏనుగులు, గుర్రపు రౌతులు, లతల పట్టీలకి పైన ఉంటుంది. పైగా నక్షత్రం ఆకారం కాబట్టి గోడ లోపలికీ బయటికీ విరుగుతూ పోతుంది. మూలల్లో ఒక ఘట్టం రెండు ముఖాల మీద మడత పడితే సగమే చూసి వెళ్లిపోతాం. ప్రతి మూలా కాళ్లతో తిరగాలి, కళ్లతో కోసేయకూడదు. పిల్లలతో వెళ్లేవాళ్లకి హజార రామ గుడే తేలిక, గోడలు సూటిగా ఉంటాయి.

మల్లేపల్లి_రాజు
ఫొటోలు వెనక నుంచి నంబరు వేసి చూశా. కింది వరుస దాదాపు అతికింది. మధ్య వరుసలో ఒకచోట హనుమంతుడు చుట్టలు చుట్టిన తోక మీద కూర్చుని ఉన్నాడు, పక్క ఫొటో మసక. అది లంకాదహనమా, దానికి ముందుదా?

శిల్పరేఖ
తోక మీద కూర్చున్నది రావణసభ. రావణుడి ఆసనానికి సమానంగా ఎత్తు పెంచుకున్నాడు. నడిచే క్రమంలో దానికి ముందున్న ఫొటో అయితే పట్టుబడి కట్లతో రావడమో, అశోకవనం విరగ్గొట్టడమో అవ్వాలి. తర్వాతది అయితే దహనం. మసక ఫొటో ఏ వైపుది?

మల్లేపల్లి_రాజు
గోడకి ఎదురుగా నిలబడితే కుడివైపుది.

కాచిగూడ_కిట్టు
అంటే ముందటిది. ఇంకా కాలవెట్టలే.

అలంపురం_అల్లుడు
వెళ్లినప్పుడు ఉత్తరం గోడ పడమటి చివర కింది వరుస మొదటి ఘట్టం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి రాజుగారూ. తూర్పుద్వారంగారితో నాకు ఇంకా లెక్క తేలలేదు.